నాన్న పోయిన నాలుగో రోజు ఆఫీసుకెళ్ళి నేను చేసిన తప్పు

ప్రశ్న: అమ్మ పోయి ఆరు రోజులైంది. సెలవు మూడు రోజులే ఇచ్చారు, నిన్నటి నుంచి ఆఫీసుకి వెళ్తున్నాను. అందరూ ఎప్పటిలాగే పని ఇస్తున్నారు. స్క్రీన్ ముందు కూర్చుంటే బుర్ర పనిచేయడం లేదు. పెద్దకర్మ ఇంకా కాలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

జవాబు:

నాకు జరిగిందండీ. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. 2023 మే 2న ఖమ్మం దగ్గర మా ఊళ్ళో నాన్న పోయారు. 4న చిన్నకర్మ అయింది, 5న ఆఫీసులో ఉన్నాను. ఇంకో వారం అడిగితే మా సార్ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "పెళ్ళైన ఆడపిల్లకు మైల మూడు రోజులేగా అమ్మా, కర్మ మీ అన్నయ్య చేస్తాడు కదా." మైల లెక్క ఆయన సరిగ్గానే చెప్పారు. ఏడుపుకి కూడా అదే లెక్క అనుకున్నారు, అంతే. ఇలాంటప్పుడు ప్రైవేటు ఉద్యోగికి ఇన్ని రోజులు సెలవివ్వాలని మన దగ్గర ప్రత్యేకంగా చట్టం లేదు కాబట్టి గట్టిగా అడగడానికీ ఏమీ దొరకలేదు.

ఆ నెల 11 జీఎస్టీఆర్-1కి, అంటే ముందు నెల అమ్మకాల బిల్లుల రిటర్న్‌కి, ఆఖరు తేదీ. నాన్న పెద్దకర్మ 12న. నేను పని ఆపలేదు, నెమ్మదిగా కూడా చేయలేదు. నిజానికి మామూలు కన్నా వేగంగానే చేశాను. బిల్లులు ఎంటర్ చేయడం చేతికి అలవాటైన పని కదా, చేతులు వాటంతట అవే చేసుకుపోయాయి. "చూశావా, పనిలో పడితే తేరుకున్నావు" అని పక్క సీటు అక్క మెచ్చుకుంది కూడా.

15న, అంటే కర్మ అయ్యాక వచ్చిన సోమవారం, ఒక కొనుగోలుదారు నుంచి ఫోన్. మేమిచ్చిన నాలుగు బిల్లులు వాళ్ళ 2బీలో, అంటే వాళ్ళు కొన్న బిల్లులు జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే పట్టికలో, కనపడలేదు, వాళ్ళకి రావలసిన పన్ను క్రెడిట్ ఆగిపోయింది. చూస్తే, వాళ్ళకి విజయవాడలో ఒక బ్రాంచి, హైదరాబాద్‌లో ఒకటి ఉన్నాయి. జీఎస్టీ నంబరు ఆంధ్రకి 37తో, తెలంగాణకి 36తో మొదలవుతుంది. విజయవాడ బిల్లులన్నీ నేను 36 నంబరు మీద ఎక్కించాను. ఫైల్ చేసే ముందు సరిచూశాను కూడా. టిక్కులు పెట్టిన కాగితం నా దగ్గరే ఉంది! తర్వాతి నెల రిటర్న్‌లో సవరించేదాకా వాళ్ళ ఫోన్లు తప్పలేదు.

ఆ టిక్కుల కాగితం చూసినప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఆ రోజుల్లో పని చేయగలం. చేసిన పనిని సరిచూసుకోవడమే చేతకాదు. కళ్ళు అంకె మీద ఉంటాయి, మనసు మాత్రం ఆసుపత్రి వరండాలో ఉంటుంది. ఎలా తెలుస్తుందంటే, ఒక పేజీ చూసి పక్కకి తిరిగాక అందులో ఒక్క అంకె కూడా చెప్పలేరు. అది మొదలైందంటే మీ చెకింగ్‌ని మీరే నమ్మకండి.

అందుకే "పని తగ్గించండి" అని అడగకండి. నేను మొదట అలాగే అడిగాను, "సరేలే అమ్మా" అన్నారు, ఏమీ మారలేదు. ఎంత తగ్గించాలో వాళ్ళకి తెలియదు, మనకీ తెలియదు. ఆ తప్పు బయటపడ్డాక సార్‌కి ఇలా మెసేజ్ పెట్టాను: "సార్, ఈ నెలాఖరు దాకా ఎంట్రీలన్నీ నేనే చేస్తాను. బయటికి వెళ్ళే రిటర్న్‌లు, పేమెంట్లు మాత్రం పంపే ముందు ఇంకొకరు చూడాలి. 22, 23 సెలవు కావాలి, నాన్న పింఛను, బ్యాంకు పనులున్నాయి." ఒక్కమాట అనకుండా ఒప్పుకున్నారు. నా దుఃఖం అర్థమై కాదు, రెండో తప్పు జరుగుతుందన్న భయంతో. ఏ కారణమైతేనేం!

ఆ రెండు రోజుల సెలవు గురించి ఒక మాట. మీకు ఇంకా సెలవులేమైనా మిగిలి ఉంటే పెద్దకర్మ రోజుకి తీసుకోండి, కానీ అన్నీ అప్పుడే వాడేయకండి. కర్మ దాకా ఇంటినిండా జనం, వంటలు, వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. నేను కుప్పకూలింది ఆ తర్వాతి వారంలో, చుట్టాలంతా వెళ్ళిపోయి ఇంట్లో అమ్మ ఒక్కతే మిగిలినప్పుడు. బ్యాంకు నామినీ కాగితాలు, మరణ ధ్రువపత్రం కాపీలు, పింఛను ఆఫీసు, ఇవన్నీ ఎలాగూ పని దినాల్లోనే అవుతాయి. బాస్‌కి చెప్పడానికి ఆ కారణం చాలు. అన్నట్టు, మరణం నమోదు చేయించడానికి 21 రోజులే గడువు, మీ ఇంట్లో ఎవరైనా చేయించారో లేదో ఒకసారి అడగండి.

ఫోన్ల సంగతి కూడా చూసుకోండి. ఆలస్యంగా తెలిసిన చుట్టాలు సరిగ్గా ఆఫీసు వేళలో, పదకొండు, పన్నెండు గంటల మధ్య చేస్తారు, మళ్ళీ మొదటి నుంచి అంతా చెప్పాలి. అన్నయ్య నంబరు ఇచ్చి వాడికి చేయమన్నాను. వాడు విసుక్కున్నాడు, అయినా ఎత్తాడు.