టెక్ సందేహాలు: 220 మంది అని చెప్పినా 150కే లెక్క వేస్తున్న చాట్‌బాట్

ప్రశ్న: మా గృహప్రవేశం ఏర్పాట్లన్నీ ఒక ఏఐ చాట్‌బాట్‌తో మాట్లాడుతూ ప్లాన్ చేస్తున్నాను. మొదట 150 మంది అనుకున్నాం, తర్వాత 220 అయ్యారని చెప్పాను. సరేనంది. స్వీట్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ 150కే లెక్క వేసింది. ఉల్లి, వెల్లుల్లి వద్దన్నా గుత్తివంకాయ కూరలో ఉల్లి ముద్ద పెట్టింది. అడిగితే సారీ అంటుంది, ఇంకోచోట తప్పుతుంది. చాట్ కాపీ పంపుతున్నాను. దీన్ని దారిలో పెట్టేదెలా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చాట్ మొత్తం చదివాను. స్వీట్ల కంటే పెద్ద తప్పు ఇంకొకటి అందులో ఉంది. అది మీ కంట పడినట్టు లేదు.

మొదట్లో మీరు బడ్జెట్ 1,20,000 రూపాయలు, భోజనం ప్లేటు 450 అని చెప్పారు. 150 మందికి 67,500 అవుతుంది, ఇంకా 52,500 మిగులుతుంది అని అది రాసింది. అప్పటికి ఆ లెక్క సరైనదే. మీరు 220 అన్నాక భోజనాల ఖర్చును 99,000కి మార్చింది. అదీ సరే. కానీ మిగిలే సొమ్ము 52,500 మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత దాన్ని నమ్ముకునే షామియానా, కుర్చీలకు 27,000, పూల అలంకరణకు 18,000 అని సలహా ఇచ్చి, ఇంకా 7,500 మిగులుతుందని కూడా చెప్పింది. నిజానికి భోజనాలు పోగా మీ చేతిలో ఉండేది 21,000. ఆ సలహా ప్రకారం అడ్వాన్సులు ఇచ్చేస్తే 24,000 లోటు.

మీ సమస్యకు మూలం ఇక్కడే ఉంది. ఒక వివరం మారిందని చెబితే చాట్‌బాట్ ఆ ఒక్కదాన్ని మారుస్తుంది. దాని మీద ఆధారపడి ముందే వేసిన లెక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఎక్సెల్‌లో ఒక గడి మారిస్తే దానితో ముడిపడ్డ గడులన్నీ వాటంతటవే మారతాయి. చాట్‌లో అలాంటి ముడి ఏదీ లేదు, ఉన్నదంతా వరసగా రాసిన మాటలే.

మీరు కొత్తగా ఏదైనా అడిగిన ప్రతిసారీ చాట్‌బాట్ వెనకుండి జవాబులు రాసే ఏఐ మోడల్ ఆ సంభాషణను మొదటి నుంచి మళ్లీ చదువుకుని, దానికి కొనసాగింపుగా జవాబు రాస్తుంది. అతిథులు ఎంతమంది అన్నది విడిగా ఎక్కడో రాసి పెట్టుకోదు. మీ చాట్‌లో 150 అన్న అంకె పదకొండు చోట్ల ఉంది, అందులో ఎక్కువసార్లు రాసింది చాట్‌బాటే. 220 మాత్రం మూడు చోట్లే కనిపిస్తుంది. కొత్త మాటే చెల్లుతుందని మనకు తెలుసు. మోడల్ చాలాసార్లు సరిగ్గానే పట్టుకుంటుంది, కానీ పాత అంకె అన్నిసార్లు ఎదురవుతుంటే అప్పుడప్పుడు అటు మొగ్గుతుంది. పైగా పెద్ద పాఠంలో మొదట్లో, చివర్లో ఉన్న సంగతులను ఈ మోడళ్లు బాగా వాడుకుంటాయని, మధ్యలో ఉన్నవాటి దగ్గర తడబడతాయని 2023లోనే పరిశోధకులు చూపించారు. మీరు 220 అని చెప్పింది సరిగ్గా మధ్యలోనే.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు. మోడల్ ఒకేసారి చదవగలిగే పాఠానికి పరిమితి ఉంటుంది. అది దాటితే కొన్ని యాప్‌లు పాత భాగాన్ని వదిలేస్తాయి, కొన్ని క్లుప్తంగా కుదించి పెట్టుకుంటాయి. తెర మీద మీకు చాట్ అంతా కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి ఈ సంగతి తెలియదు. అదే విషయం ఇంగ్లిష్‌లో కంటే తెలుగులో రాస్తే సాధారణంగా ఎక్కువ చోటు పడుతుంది, అందుకే తెలుగు చాట్ ఆ పరిమితికి త్వరగా చేరుతుంది. మీ చాట్ పొడవు చూస్తే అంతదాకా వచ్చినట్టు అనిపించలేదు. ఉల్లి సంగతి మాత్రం మామూలు తడబాటే: గుత్తివంకాయ అనగానే ఉల్లి ముద్ద వేసే పద్ధతే ఎక్కువ వంటకాల్లో ఉంటుంది, ఎప్పుడో పైన మీరు పెట్టిన నియమం కంటే ఆ అలవాటు బలంగా లాగింది.

ఇక పట్టుకోవడం. అంకె కనబడితే వెనక్కి లెక్కేయండి. 300 లడ్డూలు అంది, మనిషికి రెండు అంది. 300ని రెండుతో భాగిస్తే 150. అంటే ఏ సంఖ్య పట్టుకుని లెక్క వేసిందో బయటపడింది. మీకు కావాల్సింది 440. ప్రతి లెక్కకూ ఇలా అర నిమిషం పెడితే చాలు. కంప్యూటర్‌లో వాడుతుంటే చాట్‌ను పైదాకా జరిపి, Ctrl+F నొక్కి 150 అని వెతకండి. 220 అని చెప్పిన తర్వాత కూడా ఆ అంకె ఎక్కడెక్కడ వచ్చిందో చూస్తే తప్పులు వరసగా దొరుకుతాయి. అయితే 52,500 లాంటివి ఈ వెతుకులాటకు దొరకవు. వాటిలో 150 పైకి కనబడదు కదా.

అందుకే ఇంకో ప్రశ్న అడగాలి: "ఇప్పటిదాకా ఈ ప్లాన్‌లో నువ్వు వాడుతున్న వివరాలన్నీ రాయి. నేను చెప్పినవి ఏవి, నువ్వు ఊహించినవి ఏవి, వేరే వివరాల నుంచి లెక్కగట్టినవి ఏవి, విడివిడిగా చూపించు." వచ్చిన జాబితాను మీ డైరీలో రాసుకున్నదానితో పోల్చండి. చాట్‌లో పైకి వెళ్లి పోల్చకండి, అక్కడ తప్పూ ఒప్పూ రెండూ ఉన్నాయి. ఆ జాబితాలోనే తప్పులు దొర్లే అవకాశం ఉంది, కానీ ఒకేచోట ఉంటాయి కాబట్టి ఇట్టే కనబడతాయి.

అడగకూడని ప్రశ్న ఒకటుంది: "ఖచ్చితంగా చెప్తున్నావా?" అనగానే చాలా మోడళ్లు సరైన జవాబును కూడా వెనక్కి తీసుకుంటాయి. మీ చాట్‌లో ఒకచోట అదే జరిగింది. ప్లేట్ల లెక్క 99,000 అని సరిగ్గా చెప్పింది, మీరు అనుమానంగా అడిగేసరికి సారీ చెప్పి 67,500కి వెళ్లిపోయింది. దానికి బదులు "ఎంతమంది అనుకుని ఈ లెక్క వేశావు?" అని అడగండి. అప్పుడు జవాబులో ఒక అంకె వస్తుంది, అది తప్పో ఒప్పో మీరే చెప్పగలరు. "ఎందుకు తప్పావు?" అని నిలదీయడం కూడా దండగే. అప్పటికప్పుడు నమ్మేలా ఒక కారణం అల్లి చెబుతుంది తప్ప, లోపల ఏం జరిగిందో చూసి చెప్పేదేమీ కాదు.

ఇక సరిచేయడం. "220 అని చెప్పాను కదా" అంటే చాలదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. వివరాలన్నీ ఒకే సందేశంలో, ఇప్పుడు ఎలా ఉన్నాయో అలా, మళ్లీ చెప్పాలి. మీ విషయంలో అది ఇలా ఉంటుంది:

"గృహప్రవేశం ప్లాన్‌కు ఇవే చివరి వివరాలు. అతిథులు 220 మంది. మొత్తం బడ్జెట్ 1,20,000 రూపాయలు. భోజనం ప్లేటు 450. మనిషికి రెండు లడ్డూలు, అవి ప్లేటు ధరలోనే కలిసి ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి లేని వంటలు మాత్రమే. ఇంతకుముందు ఈ చాట్‌లో 150 మందికి వేసిన లెక్కలన్నీ రద్దు, 52,500 మిగులు కూడా రద్దు. ఈ వివరాలతో భోజనాల ఖర్చు, మిగిలే సొమ్ము, లడ్డూల సంఖ్య, షామియానా, పూలు అన్నీ మొదటి నుంచి లెక్కవేసి, ఒక్కో లెక్క ఎలా వచ్చిందో చూపించు."

ఇందులో రెండు సంగతులు గమనించండి. పాత అంకెను పేరు పెట్టి రద్దు చేశాం, దాని నుంచి పుట్టిన 52,500ను కూడా. తర్వాత ఏమేం తిరిగి లెక్కవేయాలో మనమే పేర్లు చెప్పాం. "అన్నీ సరిచెయ్యి" అని వదిలేస్తే తనకు కనబడ్డవే సరిచేస్తుంది. జవాబు వచ్చాక 99,000, 21,000, 440 ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. షామియానా, పూలు కలిపి 21,000 దాటకూడదు.

ఇది చేశాక కూడా మళ్లీ తప్పితే అక్కడే పోట్లాడకండి. కొత్త చాట్ తెరిచి ఆ సందేశాన్ని అందులో పెట్టండి, కానీ రద్దు అన్న వాక్యం తీసేసి. కొత్త చాట్‌లో 150 అన్న మాటే లేనప్పుడు దాన్ని మనం తెచ్చిపెట్టడం ఎందుకు? నా మటుకు నేను పెద్ద పనులకు ఈ దారే పడతాను. దీనికి ఆధారం కూడా ఉంది. 2025లో మైక్రోసాఫ్ట్, సేల్స్‌ఫోర్స్ పరిశోధకులు ఆరు రకాల పనుల మీద మోడళ్లను పరీక్షించారు. వివరాలను ముక్కలుగా, ఒక్కో సందేశంలో కొంత చొప్పున ఇస్తే, అన్నీ ఒకేసారి ఇచ్చినప్పటితో పోలిస్తే ఫలితం సగటున 39 శాతం పడిపోయింది. అవే ముక్కలను కలిపి ఒకే సందేశంగా ఇస్తే దాదాపు మామూలు స్థాయికి వచ్చింది. పాత సంభాషణ చివర్లోనే అన్నీ మళ్లీ చెబితే కొంత మెరుగైంది కానీ, పూర్తిగా కోలుకోలేదు. తొందరపడి ఒక ఊహ చేసుకుని, తర్వాత దాన్నే పట్టుకుని వేలాడడం వీటి బలహీనత అని వాళ్లు గమనించారు.

కొత్త చాట్ వద్దనుకుంటే ఇంకో వీలుంది. చాలా యాప్‌లలో మీరు పంపిన పాత సందేశాన్ని ఎడిట్ చేయొచ్చు. 150 అని మొదట చెప్పిన సందేశాన్నే 220గా మారిస్తే, చాట్ అక్కడి నుంచి కొత్తగా మొదలవుతుంది, ఆ తర్వాతి మాటలు లెక్కలోకి రావు. తప్పు మొదట్లోనే తెలిస్తే ఇది మంచిది. మీ చాట్‌లో చాలా దూరం వచ్చేశారు, మెనూ అంతా మళ్లీ మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ప్రశ్న: సెట్టింగ్స్‌లో మెమరీ ఆన్ చేసి పెట్టాను. అయినా పాత వివరాలే చెబుతోంది. ఎందుకు సార్?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మెమరీ ఆన్‌లో ఉండడమే కారణం కావచ్చు. అది మీ చాట్‌లలోంచి కొన్ని సంగతులను దాచుకుని, కొత్త చాట్‌లలోకి కూడా తెస్తుంది. పాత వివరం అందులో ఉండిపోతే, కొత్త చాట్ తెరిచినా అదే మళ్లీ పలుకుతుంది. సెట్టింగ్స్‌లోని మెమరీ విభాగానికి వెళ్లి, దాచుకున్న జాబితా ఉంటే చదవండి, పాతదాన్ని తీసేయండి. పాత చాట్‌లను వెతికి చూసే ఆప్షన్ విడిగా ఉంటే దాన్ని కూడా ఆపండి. ఒక్క పని కోసమే అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు. తాత్కాలిక చాట్ అనే ఆప్షన్ ఉంటే అందులో వివరాలన్నీ ఒకే సందేశంగా పెట్టి పని చేయించుకోండి. అది సాధారణంగా మెమరీ జోలికి వెళ్లదు. వచ్చిన జవాబును మాత్రం వెంటనే కాపీ చేసుకోండి, మూసేశాక ఆ చాట్ హిస్టరీలో కనబడదు.