స్కీమ్ నెలలో అమ్మింది వచ్చే నెలల దగ్గర తెచ్చిన అప్పు

ప్రశ్న: మాది చిన్న బ్రాండ్. ఆఫర్లు, స్కీములు పెడితే అమ్మకాలు వెంటనే పెరుగుతున్నాయి. ప్రకటనలకు ఖర్చు పెడితే ఏమీ కనిపించడం లేదు. అలాంటప్పుడు ప్రకటనలు ఎందుకివ్వాలి?

"కనిపించడం లేదు" అన్నారు చూశారా, ఆ మాట దగ్గరే నేను ఆరేళ్లు బోల్తా పడ్డాను. బట్టల సబ్బు పొడి అమ్మే ఒక కంపెనీలో ఏరియా సేల్స్ చూసేవాణ్ణి. కంపెనీ పేరు చెప్పను. ఆ స్కీములు అడిగి మరీ పెట్టించుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మా ఏరియాలో నెలకు సుమారు 1000 కేసులు పోయేవి. ఒక ఏడాది టార్గెట్‌కి బాగా వెనకబడ్డాం. పైవాళ్లు కూర్చుని 12 కేసులు కొన్న షాపుకి 3 కేసులు ఫ్రీ అని స్కీమ్ ప్రకటించారు. దానికి డబ్బు ఎక్కడిదంటే, మిగతా ఏడాదికి టీవీ ప్రకటనల కోసం పక్కన పెట్టినది. ఆ మీటింగులో ఎవరూ నోరెత్తలేదు. ఎందుకెత్తుతారు? స్కీమ్ ఆపితే డిస్ట్రిబ్యూటర్ పొద్దున్నే ఫోన్ చేసి తిడతాడు. ప్రకటన ఆపితే అడిగే నాథుడే లేడు.

ఆ నెల 1900 కేసులు కొట్టాం. నాకు షీల్డు ఇచ్చారు, ఫొటో తీశారు. తర్వాతి నెల 600. ఆ తర్వాత 650, ఆపైన 850. నాలుగో నెలకి గానీ మళ్లీ 1000కి రాలేదు. ఈ మూడు నెలలూ రివ్యూ మీటింగుల్లో నేను చెప్పని సాకు లేదు. వానలన్నాను, పోటీ కంపెనీ అన్నాను, కొత్తగా చేరిన కుర్రాడు సరిగ్గా తిరగడం లేదన్నాను. పాపం వాడు రోజూ తిరిగేవాడు.

అసలు సంగతి ఒక షాపు వెనక గదిలో తెలిసింది. అది మూడు వారాలుగా ఆర్డరివ్వని షాపు. బాకీ విషయంలో ఏమైనా పేచీ ఉందేమోనని నేనే వెళ్లాను. ఆ పెద్దాయన ఏమీ మాట్లాడకుండా తెర పక్కకి లాగాడు. కప్పు దాకా మా కేసులే. నాలుగైదు తిప్పి చూశాను, అన్నిటి మీదా స్కీమ్ నెల బ్యాచ్ నంబరే.

"ఇవి పోతే కదా బాబూ కొత్తవి తీసుకునేది" అన్నాడు.

"మరి ఇన్ని ఎందుకు తీసుకున్నారండీ?"

"ఫ్రీ ఇచ్చింది మీరే కదా. మళ్లీ స్కీమ్ ఎప్పుడు పెడతారో చెప్పు, అప్పటిదాకా వీటితో సర్దుకుంటా."

కొనేవాళ్లకి రేటు ఏమైనా తగ్గించారా అని అడిగాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వే జవాబు. మామూలు రేటుకే అమ్ముతున్నాడు, ఫ్రీ కేసుల లాభం ఆయన జేబులోకే. నేను ఆయన్ని తప్పు పట్టను, ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. కానీ మా పొడి వాడే ఇల్లాలికి అసలు ఆ నెల స్కీమ్ అనేది ఒకటి నడిచిందని కూడా తెలియదు. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఒక పెద్ద హోల్‌సేలర్ మా దగ్గర ఫ్రీ సరుకు ఎత్తి, పక్క ఏరియాలో తక్కువకి దింపేశాడట. నా పెరుగుదలలో కొంత పక్క ఏరియా మేనేజర్ తరుగుదలే. ఆయన నాతో ఏడాది పాటు సరిగ్గా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. స్కీమ్ నెలలో మామూలు కంటే 900 ఎక్కువ. తర్వాతి మూడు నెలల్లో తగ్గినవి 400, 350, 150. కలిపితే అవీ 900. నాలుగు నెలల్లో ఒక్క కేసు కూడా అదనంగా అమ్మలేదు. సరుకు మా గోడౌన్ నుంచి ఆయన వెనక గదికి ముందే వెళ్లింది, అంతే. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి, షాపుకి పోయిన సరుకునే అమ్మకం అనుకుంటున్నాం. షాపు నుంచి ఇంటికి పోయింది ఎంతో చూసేవాడే లేడు.

లాభం సంగతి చెప్తే ఇంకా సిగ్గు. కేసు అమ్మకం ధర 100 అనుకోండి, దాని తయారీ, రవాణా కలిపి 60. మిగిలేది 40. 12కి 3 ఫ్రీ అంటే 15 కేసులిచ్చి 12 కేసుల డబ్బు తీసుకోవడం. అంటే కేసుకి వచ్చేది 80, మిగిలేది 20. ధర తగ్గింది అయిదో వంతే, కానీ మిగులు సగానికి పడింది. ఏ స్కీమూ లేకపోతే ఆ నెల 1000 కేసుల మీద 40,000 మిగిలేది. స్కీమ్‌తో 1900 అమ్మితే మిగిలింది 38,000. అంటే ఆ 900 కేసులూ నిజంగా కొత్త అమ్మకాలే అయినా మాకు నష్టమే. అవి కొత్తవి కూడా కాదు కాబట్టి, నాలుగు నెలల మిగులు 1,60,000 ఉండాల్సింది 1,22,000 అయింది. పోయిన 38,000కి నాకొచ్చింది ఒక షీల్డు.

మాది షాపుకిచ్చిన స్కీమ్ కాబట్టి ఇలా అయిందని, నేరుగా కొనేవాళ్లకి ఆఫర్ ఇస్తే వేరని అంటారు. కొంత వేరే. ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్లు రెండు ఎక్కువ ఉంటే పిల్లలు రెండూ లాగించేస్తారు, వాడకమే పెరుగుతుంది. సబ్బు పొడి ఎక్కువుందని ఉతికిన బట్టలు మళ్లీ ఉతకరు కదా. అటక మీద పెట్టుకుని తర్వాతి రెండు నెలలు మీ వైపు చూడరు. పైగా ఆఫర్‌కి వచ్చేది కొత్తవాళ్లని మనం అనుకుంటాం. మార్కెటింగ్ పరిశోధకుడు ఆండ్రూ ఎరెన్‌బర్గ్, ఆయన సహచరులు బ్రిటన్, అమెరికా, జర్మనీ, జపాన్‌లలో స్థిరపడ్డ బ్రాండ్ల మీద చేసిన పరిశీలన 1994లో వచ్చింది. ధర తగ్గించినప్పుడు కొన్నవాళ్లలో దాదాపు అందరూ అంతకుముందు కూడా ఆ బ్రాండ్ కొన్నవాళ్లే. అందుకే ఆఫర్ అయిపోగానే అమ్మకం ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చేసింది. నా షీల్డు కంటే ముందే చదివుంటే బాగుండేది.

ఇప్పుడు మీకు "కనిపించని" ప్రకటనల సంగతి. మా ప్రకటనలు ఆపేసిన మొదటి రెండు మూడు నెలలు ఏమీ కాలేదు. పైవాళ్లకి అదే ధైర్యం. తర్వాతి రెండేళ్లూ ప్రకటనలు లేవు, స్కీములు నాలుగు. నెలవారీ గ్రాఫ్ కొండలు, లోయలుగా ఉండేది, దాంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాదు. నేనొక పని చేశాను. స్కీమ్ నెలలు, వాటి తర్వాతి పల్లం నెలలు తీసేసి, మిగిలిన మామూలు నెలలు మాత్రమే వరసగా రాసుకున్నాను. 1000 ఉన్నది 940 అయింది, ఆ తర్వాత 880. గుడి మెట్లు దిగినట్టు దిగుతోంది. పైన స్కీముల గోల ఉండటంతో అది ఎవరి కంటా పడలేదు. ఆ రెండేళ్లలో పోటీ కంపెనీ చిన్న సాచెట్ కూడా దింపింది, నిజమే. అయినా నా మాట నేను మార్చుకోను. ప్రకటన పని కొత్త కొండలు లేపడం కాదు, ఆ మామూలు నెల జారకుండా పట్టుకోవడం.

ఇంకోటి కూడా గమనించాను. మొదటి స్కీమ్‌కి 900 ఎగిరింది, నాలుగోదానికి 450 కూడా ఎగరలేదు. షాపులన్నీ నేర్చేసుకున్నాయి. స్కీమ్ లేని నెలలో కొంటే నష్టపోయినట్టు వాళ్లకి.

ఇంత చెప్పానని ప్రకటనల ఏజెన్సీలని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. వాళ్ల మీద నాకు వేరే కోపం ఉంది. యాడ్ ఆడకపోతే "బ్రాండ్ కట్టడానికి టైమ్ పడుతుంది సార్" అంటారు. అమెరికాలో కేబుల్ టీవీ ఇళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ప్రకటనలు ఎక్కువ చూపించి, రెండు గుంపుల కొనుగోళ్లనీ పోల్చిన ప్రయోగాలున్నాయి. వాటి ఫలితాలు 1995లో ప్రచురించారు. మొదటి ఏడాది పని చేసిన యాడ్ల విషయంలో, ఎక్కువ చూపించడం ఆపేశాక కూడా తర్వాతి రెండేళ్లు ప్రభావం మిగిలింది. మొత్తం కలిపితే మొదటి ఏడాది పెరిగిన అమ్మకానికి దాదాపు రెట్టింపు. కానీ మొదటి ఏడాదిలో ఏమీ చేయని యాడ్ తర్వాతా ఏమీ చేయలేదు. అంటే ఓపిక పట్టాల్సింది పనిచేస్తున్న యాడ్ మీద. తడిసిన టపాకాయ ముందు ఎంతసేపు కూర్చున్నా అది పేలదు.

స్కీములు ఒక్కసారిగా మానేయమనీ చెప్పను. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ 1990లలో అమెరికాలో ఆ పని చేసింది. డీల్స్, కూపన్లు కోసి ప్రకటనలు పెంచింది. మార్కెట్ వాటా పోగొట్టుకుంది. అంత పెద్ద కంపెనీకే అలా అయితే మీలాంటి చిన్న బ్రాండ్ ఎలా తట్టుకుంటుంది? షాపువాడికి అలవాటు చేసింది మనమే, మాన్పించడం కూడా మెల్లగా జరగాలి. ఏడాదికి నాలుగు ఉంటే మూడు చేయండి, 12కి 3 ఉంటే 12కి 2 చేయండి. ఒక్కో షాపుకి ఇన్ని కేసులే అని పరిమితి పెట్టండి. స్కీమ్ డబ్బులో కొంత మీ బ్రాండ్ ఎప్పుడూ వాడని ఇళ్లకి చిన్న ప్యాక్ చేర్చడానికి వాడండి. ఆఫర్‌కి నిజంగా అర్థం ఉండేది అక్కడే. ఒకసారి కూడా వాడి చూడనివాడు, ఏ యాడ్ వేసినా కొనడానికి చివరి అడుగు వేయడు.

మీ బడ్జెట్ చిన్నది కాబట్టి ఇలా చేసి చూడండి. ఒకేలాంటి రెండు ఏరియాలు తీసుకుని, ఒకదాంట్లో ప్రకటన ఉంచండి, రెండోదాంట్లో ఆపండి, స్కీములు మాత్రం రెండింట్లోనూ ఒకటే. మూడు నెలలకే తేల్చేయకండి, కనీసం ఏడాది నడపండి. స్కీమ్ నెలలు, పల్లం నెలలు తీసేసి మిగిలినవే పోల్చండి. ఇక ప్రతి స్కీమ్ ముగిసిన ఆరు వారాలకి మీరే స్వయంగా పది షాపులు తిరగండి. కౌంటర్ ముందు నిలబడి మాట్లాడి వచ్చేయకుండా, వెనక గది చూపించమని అడగండి. బ్యాచ్ నంబర్లు రాసుకోండి. సేల్స్ వాళ్లని మాత్రం పంపకండి, నేను చేసిన ఉద్యోగమే కాబట్టి చెప్తున్నాను, వాళ్లు తెర పక్కకి లాగరు.