జామినీ రాయ్ బొమ్మేనా: బిల్లు చెప్పేది, సర్టిఫికెట్ చెప్పనిది

ప్రశ్న: మూడేళ్లు దాటింది, బంజారాహిల్స్‌లోని ఒక గ్యాలరీలో జామినీ రాయ్ చిత్రమని చెబితే 14 లక్షలు పెట్టి ఇంట్లో పెట్టుకోవడానికి కొన్నాను. బిల్లులో ఆయన పేరు, ‘1940ల నాటిది’ అని రాశారు. ఒక నిపుణుడి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. రెండు నెలల క్రితం కోల్‌కతా నుంచి వచ్చిన ఒక కళాచరిత్ర అధ్యాపకుడు చూసి ఇది ఆయనది కాదన్నారు, కానీ రాసివ్వడానికి ఒప్పుకోలేదు. గ్యాలరీవారు సర్టిఫికెట్ కేవలం అభిప్రాయమని అంటూనే, బొమ్మ తిరిగిచ్చి ఎవరికీ చెప్పనని సంతకం పెడితే డబ్బు వాపసు ఇస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి బిల్లు తీయండి. అభిప్రాయం అనే మాట సర్టిఫికెట్‌కు వర్తిస్తే వర్తించవచ్చు గాని బిల్లుకు వర్తించదు. ఏ వర్ణనతో సరుకు అమ్మారో ఆ వర్ణనకు సరుకు సరిపోవాలన్నది, ఎవరూ విడిగా రాసుకోకపోయినా, ఒప్పందంలో ఇమిడి ఉండే షరతు అని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. మీ బిల్లులో చిత్రకారుడి పేరూ కాలమూ ఉన్నాయి కాబట్టి మీ వాదనకు పునాది అదే. అయితే ఆ వర్ణనను నమ్మే కొన్నారని మీరు చూపించాలి. ఇంగ్లండు అప్పీలు కోర్టు ముందుకు వచ్చిన ఒక వివాదంలో, గాబ్రియేలే మ్యుంటర్ గీసిందనుకున్న నకిలీ చిత్రాన్ని ఒక డీలరు మరో డీలరుకు అమ్మాడు. అమ్మినవాడు తనకు ఆ చిత్రకారిణి గురించి ఏమీ తెలియదని ముందే చెప్పాడు, కొన్నవాడు తన సొంత చూపునే నమ్ముకున్నాడు. అందుకని అది వర్ణనను బట్టి జరిగిన అమ్మకం కాదని తీర్పు వచ్చింది. మీరు డీలరు కారు, గ్యాలరీ మాట తప్ప మీకు వేరే ఆధారం లేదు. కొనేముందు జరిగిన వాట్సాప్ సంభాషణంతా చెరపకుండా దాచండి. అందులో ‘నాలుగేళ్లాగి లాభానికి అమ్ముకుంటాను’ అని మీరే రాసి ఉంటే మాత్రం నాకు ముందే చెప్పండి, ఎందుకంటే తిరిగి అమ్ముకోవడానికి కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు.

మీకు అసలు ఇబ్బంది కాలంతోనే. 1944లో ఇంగ్లండులో ఒక వ్యక్తి జాన్ కానిస్టేబుల్ అనే చిత్రకారుడి చిత్రమని కొని, ఐదేళ్ల తరువాత అమ్మబోయినప్పుడు అది కాదని తెలుసుకుని, బొమ్మ తీసుకుని డబ్బివ్వమని కోర్టుకు వెళ్లాడు. అంతకాలం ఉంచుకున్నాక అమ్మకాన్ని రద్దు చేయలేమని 1950లో కోర్టు చెప్పింది. పాపం, ఆయన నష్టపరిహారం అడిగి ఉంటే సంగతి వేరేగా ఉండేది, కానీ అడగలేదు. మన చట్టమూ సరుకును స్వీకరించాక సాధారణంగా పరిహారం దారే చూపిస్తుంది. అంటే మీరు చెల్లించిన ధరకూ, నకిలీగా దాని విలువకూ ఉన్న తేడా మీకు రావాలి. గ్యాలరీకి తెలిసే అమ్మిందని రుజువైతే అది మోసం అవుతుంది, అప్పుడు ఒప్పందాన్నే రద్దు చేయమని కోరవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో గడువు రెండేళ్లు, సివిల్ దావాకు మూడేళ్లు. రెండూ దాటినట్టు కనిపిస్తున్నా, మోసం ఉన్నచోట లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ కింద గడువు దాన్ని కనిపెట్టిన రోజు నుంచి, లేదా తగిన జాగ్రత్తతో కనిపెట్టగలిగే రోజు నుంచి మొదలవుతుంది. కమిషన్‌కు కూడా తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారముంది. అందువల్ల ఆ అధ్యాపకుడు వచ్చిన తేదీని రుజువు చేయగల ఫోన్ మెసేజో, ప్రయాణ వివరమో ఇప్పుడే భద్రపరచండి.

ఇక ఇది ఆయన బొమ్మా కాదా అన్నది. జామినీ రాయ్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు మామూలుకన్నా కష్టం. కోల్‌కతాలోని కాళీఘాట్ జానపద పటాల సంప్రదాయాన్ని తనదిగా చేసుకున్న ఆయన ఒకే బొమ్మను పదేపదే వేశారు, ఇంట్లోవారి సాయంతో కార్ఖానాలా పని నడిపారు, చాలా వాటికి తేదీ వేయలేదు. కాబట్టి ‘ఆయన చేతిది’, ‘ఆయన ఇంటిది’, ‘నకిలీ’ అనే మూడు మాటలు వేర్వేరు, మీ అధ్యాపకుడు ఏ అర్థంలో కాదన్నారో అడిగి తెలుసుకోండి. ప్రయోగశాల కొంతవరకే ఉపయోగపడుతుంది. 1940ల బొమ్మలో యాక్రిలిక్ ఎమల్షన్ రంగు కనిపిస్తే, ఆ రంగులు 1950ల తరువాతే బజారులోకి వచ్చాయి కాబట్టి, బిల్లులోని కాలం అబద్ధమని తేలుతుంది. కాగితం మీద వేసిందైతే అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసినా అనుమానించాలి, కాగితానికి తెల్లదనం తెచ్చే ఆ రసాయనాల వాడకం కూడా తరువాతి కాలానిదే. అయితే మరమ్మతులో అద్దిన రంగు వల్లా ఇలాంటి ఫలితం రావచ్చు కాబట్టి నమూనాను ఒకటి కన్నా ఎక్కువ చోట్ల తీయించాలి. ఒకవేళ రంగులన్నీ ఆ కాలానివేనని తేలినా, ఆయన ఇంటివారూ అవే రంగులు వాడి ఉంటారు. పరీక్ష ‘కాదు’ అని చెప్పగలదు, ‘అవును’ అని చెప్పలేదు.

అధ్యాపకుడు రాసివ్వకపోవడాన్ని నేను పిరికితనం అనను. తీర్పులు చెప్పి కోర్టుల చుట్టూ తిరిగిన తరువాతే ఆండీ వార్హోల్ చిత్రాలను ధ్రువీకరించే బోర్డు 2011లో మూతపడాలని నిర్ణయించుకుంది. దానివల్ల తెలిసినవారు నోరు మూసుకుంటారు, అమ్మేవారి సర్టిఫికెట్లే మిగులుతాయి. మీ కేసులో దారి ఒకటుంది. వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద, పరీక్ష లేకుండా లోపం తేలదని కమిషన్ భావిస్తే సరుకును ప్రయోగశాలకు పంపించి 45 రోజుల్లో నివేదిక తెప్పిస్తుంది. కళా విషయంలో నిపుణుల అభిప్రాయం సాక్ష్యంగా చెల్లుతుంది కనుక వారిని సాక్షులుగా పిలిపించమని కోరవచ్చు. మీ కొనుగోలు 50 లక్షలు దాటలేదు కాబట్టి ఇది జిల్లా కమిషన్ పరిధిలోది, ఫీజు 400 రూపాయలే.

గ్యాలరీ ప్రతిపాదనకు ఒప్పుకోవచ్చు గాని, వాళ్లు చెప్పినట్టు కాదు. డబ్బు వస్తే మీకు మంచిదే. కానీ బొమ్మ ఏ గుర్తూ లేకుండా వెనక్కి వెళితే, ‘హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు సేకరణలో మూడేళ్లు ఉంది’ అనే వాక్యంతో మరొకరి దగ్గరికి చేరుతుంది, ఆ వాక్యానికి ఆధారం మీరే అవుతారు. 1980ల చివర్లోనూ 1990లలోనూ ఇంగ్లండులో జాన్ డ్రూ అనే వ్యక్తి, జాన్ మయాట్ అనే చిత్రకారుడి చేత దాదాపు 200 నకిలీలు గీయించి, వాటికి పాత చరిత్ర కల్పించేందుకు టేట్ గ్యాలరీ వంటి చోట్ల దస్తావేజులనే తారుమారు చేశాడు. 1999లో శిక్ష పడినా ఆ చిత్రాల్లో చాలా ఇంకా ఎక్కడున్నాయో తెలియదు. తరువాత ఆ కాగితాలు చదివి రాసేవారికి ఏది నిజమో తెలియని పరిస్థితి వచ్చింది.

కాబట్టి రాజీపత్రంలో నాలుగు సంగతులు రాయించండి. బిల్లులోని వర్ణననూ పాత సర్టిఫికెట్‌నూ గ్యాలరీ ఉపసంహరించుకోవాలి. బొమ్మ వెనుక చెరగని సిరాతో ‘జామినీ రాయ్‌కు ఆపాదించడం ఉపసంహరించబడింది’ అని తేదీతో రాయాలి. కేటలాగులో అచ్చయి ఉంటే సవరణ ప్రకటించాలి. గోప్యత ధరకే పరిమితం కావాలి, కోర్టు గాని పరిశోధకులు గాని అడిగితే నిజం చెప్పే స్వేచ్ఛ మీకు ఉండాలి. పోలీసు ఫిర్యాదు చేయనని రాసివ్వమంటే రాయకండి, నేరవిచారణను అణిచేందుకు చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు.

దీన్ని మరొకరికి జామినీ రాయ్ పేరుతో అమ్మే ఆలోచన వస్తే మానుకోండి. అనుమానం తెలిసీ దాచి అమ్మితే రేపు మోసం మీదే అవుతుంది. విదేశాలకు పంపడమూ కుదరదు. నిజంగా ఆయనదే అయితే అది 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం కింద కళానిధి, దేశం దాటించకూడదు. సోషల్ మీడియాలో గ్యాలరీ పేరు పెట్టి ‘నకిలీలు అమ్ముతారు’ అని రాయకండి, నివేదిక రాకముందే పరువునష్టం నోటీసు అందుకోవడం ఎందుకు? ఈ వారంలోనే బొమ్మ ముందూ వెనుకా, చట్రం, అతికించిన చీటీలు ఫొటోలు తీయించి, నకిలీ అనుమానాన్నీ పరిహారం డిమాండునూ తెలుపుతూ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఆ నోటీసు వాళ్లకు అందేదాకా బొమ్మ మీ ఇంట్లోనే ఉండాలి.