వేరు కాపురం పెట్టబోతున్న మా చెల్లెలి కొడుక్కి

నాన్నా,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన సంగతి విన్న దగ్గర్నుంచీ మనసు ఒకచోట నిలవడం లేదు. అరసవల్లిలోనే, మీ ఇంటికి రెండు వీధుల అవతల ఒక పోర్షన్ చూశానన్నావు, అడ్వాన్సు కూడా ఇచ్చానన్నావు, అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదన్నావు. నాకు భయమేసింది. గర్వంగా కూడా అనిపించింది. అత్తాకోడళ్ల కొట్లాటలు ముదిరి వీధిలో పడేదాకా ఆగకుండా, కోపంలో కాకుండా, ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చావు. మన ఇళ్లలో చాలామంది మగవాళ్లు అది చెయ్యలేక తాగుడు మరుగుతారు, లేకపోతే ఎక్కడో దూరాన పని చూసుకుని పోతారు. నువ్వు షిఫ్టు బస్సులో ఉన్నావు, పక్కన మనుషులున్నారు కాబట్టి నేను ఎక్కువ మాట్లాడలేదు. అందుకే రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఒక మాట. తలనొప్పికి రోజూ బిళ్ల వేసుకుంటున్నానని ఎంత తేలిగ్గా చెప్పావురా! పెద్దనాన్న డయాలసిస్ మంచం మీద పడుకున్నప్పుడు నువ్వు వచ్చి చూడలేదా? మన కవిటి, సోంపేట వైపు ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు గానీ, చూపించుకోకుండా నొప్పి బిళ్లలు మింగొద్దని మాత్రం డాక్టర్లందరూ చెప్తున్నారు. నువ్వు పుట్టి పెరిగింది ఇక్కడే. అమ్మతో మాట్లాడటం, ఇల్లు మారడం, అవన్నీ తరవాత. ఈ వారంలో బీపీ చూపించుకో, రక్తం ఇచ్చి క్రియాటినిన్ పరీక్ష చేయించుకో, ఆ కాగితం నాకు వాట్సాప్‌లో పంపు. కోప్పడుతున్నాననుకోకు. నాకు ఆ భయం పోదు.

ఇక ఇంటి సంగతి. అడ్వాన్సుకి రసీదు తీసుకో. ఆషాఢం వెళ్లాక మంచిరోజు చూసి పాలు పొంగించండి. గ్యాస్ కనెక్షన్ అమ్మ పేరు మీదున్నది అమ్మకే వదిలెయ్యి. పాత ఇంట్లోంచి సామాను తీసుకెళ్లాల్సి వస్తే అమ్మని అడిగే తీసుకో, చిన్న గిన్నె అయినా సరే.

ఇవన్నీ ఎలాగో జరిగిపోతాయి. నాకు దిగులు నీ అలవాటు గురించి. నువ్వు మీ మావయ్యలా తయారవుతున్నావు.

మావయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు, అప్పటికి నువ్వు చిన్నవాడివి. మా అమ్మకీ, అంటే మీ అమ్మమ్మకీ, మీ అత్తకీ మొదట్నుంచీ పడేది కాదు. మావయ్య నెమ్మదస్తుడు. ఎవరినీ గట్టిగా అనలేడు. అందుకని ఒక దారి పట్టాడు. ఇక్కడి మాట అక్కడికి మార్చి చెప్పేవాడు. అత్త రుసరుసలాడితే అమ్మ దగ్గరికొచ్చి, 'తను బాధపడుతోందమ్మా, తప్పైపోయిందంది' అనేవాడు. అమ్మ విసుక్కుంటే అత్తతో, 'అమ్మకి నువ్వంటే ఇష్టమే, పైకి చెప్పదు' అనేవాడు. ఒక సంక్రాంతికి సోంపేటలో తనే చీర కొని, అమ్మే దగ్గరుండి ఎంపిక చేసిందని అత్తకిచ్చాడు. అది ముదురాకుపచ్చ చీర, జరీ అంచు. అత్త ఎంత సంబరపడిందంటే, కనుమ రోజు అదే కట్టుకుని వచ్చి అమ్మ కాళ్లకి దండం పెట్టింది. అమ్మ ఆ చీర చూసి, అందరి ముందూ, 'ఈ రంగు చీర ఎవరు కొన్నారే నీకు?' అంది. కావాలని అన్నది కాదు. ఆవిడకి నిజంగానే తెలీదు.

మేమంతా విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నాం. అత్త మావయ్య వైపు చూసింది. ఏడవలేదు, అరవలేదు. లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి వడ్డించింది. ఆ తరవాత ఒక్కొక్కటీ బయటపడింది. తను ఎప్పుడూ తప్పైపోయిందని అనలేదని అత్త చెప్పింది, తను ఎప్పుడూ మెచ్చుకోలేదని అమ్మ చెప్పింది. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఉన్న కోపం అలాగే ఉంది. దానికి తోడు ఇద్దరికీ మావయ్య మీద నమ్మకం పోయింది.

అసలు నష్టం చాలా ఏళ్ల తరవాత జరిగింది. అమ్మ మంచాన పడింది. అప్పుడు అత్త పుట్టింట్లో ఉంది. అమ్మ నిజంగానే కోడల్ని తలుచుకుంది. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. 'దాన్ని ఒకసారి రమ్మనరా' అంది. మావయ్య ఫోన్ చేసి చెప్పాడు. అత్త నమ్మలేదు. ఇదీ ఆయన కల్పించిన మాటే అనుకుంది. నేను మళ్లీ ఫోన్ చేసి చెప్పాక బయల్దేరింది గానీ, వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ బాధ అత్తని ఇప్పటికీ వదల్లేదు. మావయ్య దుర్మార్గుడు కాడు నాన్నా. ఇంట్లో శాంతి కోసమే అదంతా చేశాడు.

నువ్వు మొన్న, 'ఇద్దరికీ నచ్చేలా ఏదో ఒకటి సర్ది చెప్తున్నాను పెద్దమ్మా' అన్నావు చూడు, నాకు కనుమ నాటి విస్తళ్లు కళ్ల ముందుకొచ్చాయి. పోస్టుమాన్ ఉత్తరాలు దిద్దడం మొదలెడితే ఆ ఊళ్లో ఇక ఏ ఉత్తరాన్నీ ఎవరూ నమ్మరు. రెండు వీధుల అవతలకి మారినంత మాత్రాన ఈ మోత ఆగదు. మొయ్యాల్సిన దూరం పెరుగుతుంది, అంతే.

కాబట్టి ఇల్లు మారే మాట ఇలా చెప్పు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి చెప్పు. ఒకరికి ముందు, ఒకరికి వెనక వద్దు. సెకండ్ షిఫ్టు దిగి అర్ధరాత్రి అన్నం తింటూ అసలే వద్దు. సెలవు రోజు పొద్దున చెప్పు. 'నేను అలిసిపోయాను. వేరే ఇల్లు చూశాను. ఇది నా నిర్ణయం' అను. కోడలు సర్దుకోలేకపోతోందనీ, అమ్మ ఉండనివ్వడం లేదనీ ఒక్క ముక్క కూడా నీ నోట రాకూడదు. 'అదే నీకు నేర్పింది కదూ' అని అమ్మ తప్పకుండా అంటుంది. 'కాదమ్మా, నేనే' అని ఊరుకో. వాదించకు.

వాళ్లు తెచ్చే ప్రతి ఫిర్యాదుకీ ముందు నిన్ను నువ్వు ఒక ప్రశ్న వేసుకో: ఇందులో నా బాధ్యత ఉందా, లేక నన్ను మాట మొయ్యమంటున్నారా? మొన్నటి గొడవే చూడు. పిల్లాడికి విరేచనాలవుతుంటే అమ్మ చోడి అంబలి పట్టింది. కోడలికి కోపమొచ్చింది. నువ్వు అమ్మ దగ్గరికెళ్లి, 'తను వద్దంటోంది' అన్నావు. అమ్మకి అందులో వినపడింది కోడలి పెత్తనం ఒక్కటే. 'నిన్ను నేను అంబలి పోసి పెంచలేదా' అని ఏడ్చింది. దాన్ని నువ్వు మళ్లీ మోసుకెళ్లి గదిలో చెప్పావు. రెండు రోజులు ఇల్లంతా మూగనోము.

పిల్లాడి తిండి తల్లీతండ్రీ కలిసి చూసుకోవాల్సింది. అందులో నీ బాధ్యత ఉంది. ముందు నువ్వూ ఆ అమ్మాయీ మాట్లాడుకుని, డాక్టరు ఏం చెప్పాడో చూసుకుని, అమ్మకి నీ మాటగానే చెప్పాలి: 'అమ్మా, డాక్టరు చెప్పింది ఇది. తగ్గేదాకా ఇదే పెడదాం, నేను చెప్తున్నాను' అని. డబ్బు, పిల్లాడి చదువు, పండక్కి ఎవరి పుట్టింటికి ఎప్పుడెళ్లాలన్నది, ఇవన్నీ ఇలాంటివే. మీ అమ్మకి నువ్వే చెప్పాలి. వాటికోసం కోడల్ని ముందుకు తోసి నువ్వు వెనక నిలబడకూడదు.

అదే పులుసులో చింతపండు ఎక్కువైందనో, గిన్నె సరిగ్గా తోమలేదనో అంటే, అది నీది కాదు. 'ఆ మాట తనకే చెప్పమ్మా' అను. అటువైపు కూడా అంతే. విను, విన్నది అక్కడే వదిలెయ్యి. మొదట్లో ఇద్దరికీ కోపం వస్తుంది. అమ్మ అన్నం మానేస్తుంది, మా చెల్లెలు చిన్నప్పట్నుంచీ అంతే. పళ్లెంలో అన్నం పెట్టి పక్కన ఉంచు, కాసేపు దగ్గర కూర్చో, మాట మాత్రం మార్చకు. కొన్నాళ్లకి 'నువ్వు చెప్పు దానికి' అనే మాట తగ్గుతుంది. అది తగ్గుతోందంటే పని జరుగుతోందని గుర్తు. మాటకి ముందే నీ గుండె దడదడలాడటం కూడా అప్పుడే తగ్గుతుంది.

కానీ అన్నిటికీ ఇలా తప్పుకోవద్దు. చెయ్యి చేసుకోవడం, కట్నం మాట ఎత్తడం లాంటిది జరిగితే అక్కడ నువ్వు మధ్యలో నిలబడి తీరాలి. ఎవరైనా చచ్చిపోతానంటే బెదిరింపులే అని కొట్టిపారెయ్యకు. ఒంటరిగా వదలకు, వాళ్ల మనిషిని పిలిపించు. మనసు బాగోలేనివాళ్లకి సాయం చెయ్యడానికి ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకి ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. ఆశా వర్కరుగా మా కోడలు ఊళ్లో అందరికీ ఈ నంబరే ఇస్తోంది.

అమ్మకి పింఛను నాలుగు వేలు వస్తున్నాయి కదా అని నువ్వు ఇచ్చేది తగ్గించకు. ప్రతి నెలా నీ చేత్తోనే ఇవ్వు. ఫోన్‌లో కొట్టకు, కోడలితో పంపకు. మీ నాన్న పోయాక దానికి మిగిలింది నువ్వూ, ఆ వంటగదీ. వంటగదిలో కోడలు గరిట పట్టుకుంటే తన చోటు పోతోందని దానికి భయం. కోడలికేమో, పెళ్లై ఇన్నాళ్లైనా ఆ ఇంట్లో తనదని చెప్పుకోవడానికి ఒక అలమర అర కూడా లేదు. నేను వచ్చినప్పుడు చూశాను, ఆ పిల్ల పోపు డబ్బా జరపడానికి కూడా అత్త వైపు చూస్తుంది. ఎవరి పొయ్యి వాళ్లకుంటే ఈ రెండూ కొంచెం తీరతాయి. అందుకే నువ్వు చేస్తున్నది నాకు తప్పనిపించలేదు.

ఆదివారం మధ్యాహ్నం పిల్లాణ్ణి తీసుకుని అమ్మ దగ్గర భోంచెయ్యి. కోడలు వస్తే మంచిదే, రాకపోతే సాకులు కల్పించకు. 'ఇవాళ రాలేదమ్మా' అంటే చాలు. రోజూ వస్తానని మాటివ్వకు, షిఫ్టులతో నిలబెట్టుకోలేవు.

'కొడుకు వేరు పెట్టేశాడట గదా' అని వీధిలో అడుగుతారు. దానికి అదే ఎక్కువ కుంగుతుంది. అందుకని నువ్వు ఏ ఆదివారం చెప్తావో నాకు ముందుగా చెప్పు. సోమవారం పొద్దున పాసింజరుకి నేను వస్తాను, కొన్నాళ్లు చెల్లెలి దగ్గర ఉంటాను. నీ తరఫున ఏమీ మాట్లాడను. రాత్రిళ్లు ఆ ఇంట్లో అది ఒక్కతే ఉండకూడదు, అంతే. వచ్చేటప్పుడు చోడి పిండీ, కొబ్బరికాయలూ తెస్తాను. నాలుగు కాయలు కోడలికి విడిగా కట్టి ఉంచుతాను, వచ్చి పట్టుకెళ్లమను.

రక్త పరీక్ష కాగితం మర్చిపోకు.

మీ పెద్దమ్మ