చాట్ విండోలో మొదటి పలకరింపు

మా పూతరేకుల షాపు వెబ్‌సైట్ చాట్‌లో మొదటి లైను ఏం పెట్టాలి? ఇప్పుడున్నది ముక్తసరిగా ఉందంటున్నారు.

అవతల ఎవరున్నారు, ఏ విషయంలో సాయం చేస్తారు, జవాబు ఎంతసేపట్లో వస్తుంది, ఈ మూడూ తెలిస్తే చాలండీ. ఆత్రేయపురంలో మా పిన్ని వాళ్ల షాపు చాట్‌లో మొదట "వినియోగదారులకు స్వాగతం. పేరు, ఫోన్ నంబర్ నమోదు చేయండి" అని ఉండేది. పలకరించకుండానే గుమ్మంలో ఆపి ఆరా తీసినట్టుండేది. నంబర్ అడగ్గానే కొందరు విండో మూసేసేవారు. తర్వాత ఇలా మార్చాం: "నమస్కారమండీ, షాపు నుంచే మాట్లాడుతున్నాం. బెల్లం పూతరేకులా, పంచదారవా? ఏ ఊరికో చెప్పండి, ఎప్పటికి చేరతాయో 10 నిమిషాల్లో చెబుతాం." నంబర్ ఆర్డర్ ఖాయమయ్యాకే అడుగుతాం. షాపు కట్టేశాక మాత్రం "ఉదయం 9కి జవాబిస్తాం" అని లైను మారేలా పెట్టండి. 10 నిమిషాలని రాసి తెల్లారేదాకా పలక్కపోతే పాత లైనే నయమనిపిస్తుంది.