నీలం మూత ట్యూబులో చిన్న గడ్డ ఉంటే, అది తీసేసి పీటీ చేయలేరా?

"దేవరకొండలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సును. గుండె వాల్వు మార్చి, రక్తం పలచబడే మందు వాడుతున్న పెద్దాయనకు పీటీ ఐఎన్‌ఆర్ కోసం బ్లడ్ పంపితే, ట్యూబులో గడ్డ ఉంది, మళ్లీ పంపండి అని పాథాలజిస్టు లెటర్ రాశారు. చిన్న గడ్డేనట. అది తీసేసి మిగిలిన దాంతో చేయొచ్చు కదా? ఇంట్లోవాళ్లు గొడవ చేస్తున్నారు, వాళ్లకు ఏం చెప్పాలి?"

చేయకూడదు సిస్టర్. నల్గొండలో ల్యాబ్ చూసుకునే పాథాలజిస్టును, ఇలాంటి లెటర్లు నేనూ రాస్తుంటాను.

ట్యూబులోని సోడియం సిట్రేట్ రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందుకే గడ్డ కట్టదు. ల్యాబ్‌లో మేం ప్లాస్మాకు థ్రాంబోప్లాస్టిన్, కాల్షియం కలిపి ఎన్ని సెకన్లకు గడ్డ కడుతుందో చూస్తాం, అదే పీటీ, ఆ టైమ్ నుంచే ఐఎన్‌ఆర్ లెక్క కడతాం. ట్యూబులోనే గడ్డ కట్టిందంటే ఆ పని దారిలోనే మొదలైపోయిందన్నమాట. గడ్డ కట్టించే ఫ్యాక్టర్లయిన ఫైబ్రినోజెన్, ప్రోథ్రాంబిన్ కొంత ఖర్చయిపోయాయి. గడ్డను పుల్లతో తీసేసినా అవి తిరిగి రావు, కాబట్టి టైమ్ పెరగొచ్చు. మరోపక్క కొన్ని ఫ్యాక్టర్లు అప్పటికే యాక్టివేట్ అయి ఉంటాయి, దానివల్ల టైమ్ తగ్గనూవచ్చు. ఎటు పోయిందో, ఎంత పోయిందో తెలియదు. అందుకే లెక్క కట్టి సరిచేయడం కుదరదు.

మా దగ్గర జరిగింది చెప్తాను. మైట్రల్ వాల్వు చోట మెటల్ వాల్వు పెట్టించుకున్న ఒకామె శాంపిల్ బయటి క్లినిక్ నుంచి వచ్చింది. ట్యూబు గీత దాకా నిండే ఉంది, పైకి ఏ తేడా లేదు. మెషీన్ ఐఎన్‌ఆర్ 2.9 చూపించింది. అలాంటి వాల్వుకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు, అంటే చక్కగా సరిపోయిన నంబరు. రిపోర్టు మీద సంతకం పెట్టే ముందు టెక్నీషియన్ రెండు చెక్క పుల్లలతో ట్యూబు అడుగు కదిపి చూశాడు. పుల్లకు చుట్టుకుని సేమియా పోగులాంటి గడ్డ పైకి వచ్చింది. రిపోర్టు ఆపేసి ఇలా రాశాను:

"డాక్టర్ గారికి, మీరు పంపిన సిట్రేట్ ట్యూబులో ఫైబ్రిన్ గడ్డ కనిపించింది. గడ్డకట్టే ఫ్యాక్టర్లు ట్యూబులోనే ఖర్చయినందున పీటీ ఐఎన్‌ఆర్ ఫలితం నమ్మదగినది కాదు, అందుకే ఇవ్వడం లేదు. ఇది శాంపిల్ తీసుకోవడానికి సంబంధించిన విషయం, దీన్నిబట్టి మందు డోసు మార్చవద్దు. ఈడీటీఏ ట్యూబులో గడ్డ లేదు, సీబీసీ రిపోర్టు పంపుతున్నాం. దయచేసి ఈ రోజే కొత్త సిట్రేట్ శాంపిల్ పంపండి. మళ్లీ ఫీజు లేదు."

2.9 అన్న అంకె లెటర్‌లో కావాలనే రాయలేదు. రాస్తే "పర్లేదులే, బాగానే ఉంది" అని ఎవరో ఒకరు దాన్నే వాడేస్తారు. సాయంత్రం కొత్త శాంపిల్‌లో వచ్చింది 1.8. ఆమెకు మందు చాలడం లేదు. ఆ మొదటి అంకె నమ్మి ఉంటే, వాల్వు మీద గడ్డ కట్టే ప్రమాదంలో ఆమెను అలాగే వదిలేసేవాళ్లం.

తర్వాత ఫోన్ చేస్తే సంగతి తెలిసింది. నరం సన్నగా ఉండి సిరంజిలోకి రక్తం నెమ్మదిగా వచ్చింది, ముందు మిగతా ట్యూబులు నింపి చివర్లో నీలం మూతది నింపారు. అప్పటికి సిరంజిలోనే గడ్డ మొదలైంది. దాన్ని సిట్రేట్ కరిగించలేదు. రక్తం పడిన వెంటనే ట్యూబును తిప్పకుండా స్టాండులో పెట్టేసినా ఇదే జరుగుతుంది.

ఈసారి మంచి నరం చూసి, నీలం మూత ట్యూబును ముందు నింపండి. గీత దాకా రావాలి, ఎందుకంటే 9 వంతుల రక్తానికి 1 వంతు సిట్రేట్ అని కొలిచి పోసి ఉంటుంది. తక్కువ పడితే గడ్డ లేకపోయినా టైమ్ ఎక్కువగా వస్తుంది. వెంటనే నాలుగైదుసార్లు మెల్లగా తలకిందులు చేయండి, ఊపొద్దు. పీటీ ఒక్కటే అయితే రూమ్ టెంపరేచర్‌లో మూత తీయకుండా పంపండి, ఐస్‌లో పెట్టొద్దు. తీసిన టైమ్ లేబుల్ మీద రాయండి.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట చెప్పండి: "గడ్డ ట్యూబులో కట్టింది, పెద్దాయన ఒంట్లో కాదు." చాలామంది మందు పనిచేయడం లేదనుకుని సొంతంగా ఒక మాత్ర ఎక్కువ వేసేస్తారు, అది ప్రమాదం. కొత్త రిపోర్టు వచ్చేదాకా డాక్టర్ గారు చెప్పిన డోసే వేసుకోవాలి. ఆయాసం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం రిపోర్టు కోసం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనండి. రెండోసారీ ట్యూబులో గడ్డ కడితే ఇంకోసారి మీ క్లినిక్‌లో గుచ్చకండి, పేషెంటునే ల్యాబ్‌కు పంపించండి, అక్కడే తీసి అప్పటికప్పుడు చేస్తారు.