పీఎఫ్ పెన్షన్: అమ్మ కూడా పోయాక పిల్లల వాటా మారుతుంది

ప్రశ్న: మా అన్నయ్య గాజువాక ఆటోనగర్‌లో ఉద్యోగంలో ఉండగానే పోయాడు. వదినకు నెలకు 3,200, పెద్ద పిల్లలిద్దరికీ 800 చొప్పున పీఎఫ్ పెన్షన్ వచ్చేది. సంక్రాంతి తర్వాత వదిన కూడా పోయింది. పెద్దమ్మాయికి 23, ఏయూలో ఎమ్మెస్సీ. తర్వాతివాడికి 19, డిగ్రీ. చిన్నవాడికి 14. ఆ 800లు మాత్రం పడుతున్నాయి. 18 దాటితే ఆపేస్తారని ఒకరు, చదువు అయ్యేదాకా ఇస్తారని ఒకరు అంటున్నారు. ఏది నిజం?

జవాబు: రెండూ కాదు. పీఎఫ్ పెన్షన్ పథకమైన ఈపీఎస్-95లో పిల్లల పెన్షన్ 25 ఏళ్లు నిండేదాకా వస్తుంది. చదువుతున్నారా, మానేశారా అన్నది అందులో లెక్కలోకి రాదు. 25 నిండితే మాత్రం పీహెచ్‌డీ మధ్యలో ఉన్నా ఆగిపోతుంది, కాలేజీ సర్టిఫికెట్ ఇచ్చినా పొడిగించరు. పూర్తి శాశ్వత వైకల్యం ఉన్నవారికి మాత్రం జీవితాంతం ఇస్తారు. 18 ఏళ్లకు మారేది ఒక్కటే: అప్పటిదాకా సంరక్షకుడి ద్వారా అందే డబ్బు ఇక పిల్లల పేరు మీదే వస్తుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 800. తల్లి ఉన్నంతకాలం ఒక్కో బిడ్డకు ఆమె పెన్షన్‌లో 25 శాతం. ఆమె పోయాక అది అనాథ పెన్షన్‌గా మారి 75 శాతం అవుతుంది. అంటే ఒక్కొక్కరికి 2,400. ఇద్దరికీ కలిపి 4,800, వదిన ఉన్నప్పుడు ఇంటికి వచ్చినంతే. ఇప్పుడు 1,600 మాత్రమే వస్తోందంటే మార్పు జరగలేదన్నమాట. మరణం నమోదైనంత మాత్రాన పెన్షన్ దానంతట అది మారిపోతుందని కూర్చోకండి. వదిన మరణ ధ్రువపత్రం, పాత పెన్షన్ మంజూరు పత్రం పీపీఓ కాపీ, పిల్లల వయసు రుజువులు, బ్యాంకు పాస్‌బుక్కులు జతచేసి ఫారం 10-డి పీఎఫ్ ఆఫీసులో ఇవ్వండి. ఆమె పోయిన మర్నాటి నుంచి బకాయి కూడా రాతపూర్వకంగా అడగండి.

ఇక చిన్నవాడి సంగతి. ఒకేసారి ఇద్దరికే ఇస్తారు, పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టి. అందుకే వాడికి ఇప్పుడేమీ రాదు. రెండేళ్లలో అక్కకు 25 నిండి ఆమె వాటా ఆగగానే, 16వ ఏట వాడి వంతు వస్తుంది. ఇంకో నాలుగేళ్లకు అన్న వాటా ఆగుతుంది. ఆ తర్వాత ఐదేళ్లు వాడొక్కడికే 2,400. చాలా ఇళ్లలో పెద్దబిడ్డ పెన్షన్ ఆగిందని బాధపడతారే తప్ప, అదే రోజున చిన్నవాడికి హక్కు మొదలైందని గమనించరు.

అప్పటికి వాడు మైనరే కాబట్టి సంరక్షకుడు కావాలి. బాబాయి అయినంత మాత్రాన సరిపోకపోవచ్చు, కోర్టు ఇచ్చే సంరక్షక ఉత్తర్వు అడగవచ్చు. విశాఖ జిల్లా కోర్టులో ఆ పిటిషన్ ఇప్పుడే వేయించండి, దానికి నెలలు పడుతుంది. పెద్దవాళ్లిద్దరి చేత ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇప్పించడం మరిచిపోకండి. అది ఇవ్వక పెన్షన్ ఆగినా ఇంట్లోవాళ్లు వయసు దాటిందేమో అనుకుని ఊరుకుంటారు.